దఫాలుగా ఇల్లు కొన్నాను, ఒక శాతం పన్ను పట్టుకోలేదు: ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: లాయరు గారూ, నాది టెక్కలి, ప్రభుత్వ ఉద్యోగం. విజయనగరం తోటపాలెంలో మా నాన్నగారి స్నేహితుడి ఇల్లు 64 లక్షలకు కొన్నాను. 2025 జనవరి 12న 10 లక్షలు, ఏప్రిల్ 10న 24 లక్షలు, జూలై 14న రిజిస్ట్రేషన్ రోజు 30 లక్షలు బ్యాంకు ద్వారానే ఇచ్చాను. ఏ దఫా 50 లక్షలు దాటలేదు కాబట్టి పన్ను పట్టుకోనక్కర్లేదన్నారు. పెద్దాయన కూడా "మన మధ్య ఇవన్నీ ఎందుకు బాబూ" అన్నారు. ఇప్పుడు ఆదాయపు పన్ను శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. అమ్మకి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. డబ్బంతా రిజిస్ట్రేషన్ రోజే ఇచ్చినట్టు, పన్ను కూడా ఆ రోజే పట్టినట్టు ఒకే ఫారం పెట్టేయమని తెలిసినవాళ్లు అంటున్నారు. పెట్టేయనా?
(టెక్కలి, 2025 నవంబరు)

జవాబు: పెట్టకండి. ముందు మీ దస్తావేజు తీసి, ధర ఎలా ముట్టిందో రాసిన పేరా చదవండి. ఏ తేదీన ఎంత ముట్టిందో, ఏ బ్యాంకు నుంచి వచ్చిందో అందులో రాయించే ఉంటారు. ఆ దస్తావేజు నకలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఉంది. 30 లక్షలు, ఆపైన ఉన్న ప్రతి స్థిరాస్తి లావాదేవీనీ ఆ ఆఫీసు ఏటా పన్ను శాఖకు తెలపాలి. జనవరిలో, ఏప్రిల్‌లో మీ ఖాతా నుంచి డబ్బు వెళ్లినట్టు బ్యాంకు స్టేట్‌మెంటులోనూ ఉంటుంది. ఇన్ని కాగితాలు ఒక మాట చెబుతుంటే మీరు ఫారంలో ఇంకో మాట రాసి, అది నిజమని ధ్రువీకరించబోతున్నారు. పోనీ లాభమైనా ఉందా అంటే, ఆ దారిలో ఖర్చే ఎక్కువ. లెక్క కింద చూపిస్తాను.

50 లక్షల సంగతి ముందు తేల్చుకుందాం. ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 194-ఐఏలో ఆ పరిమితి దఫాకు కాదు, ఆస్తి మొత్తం ధరకు. ధర గానీ స్టాంపు విలువ గానీ 50 లక్షలకు చేరితే, ఇచ్చే ప్రతి దఫాలోనూ ఒక శాతం పట్టుకోవాలి. 50 దాటిన 14 లక్షల మీద మాత్రమే అనుకునేవాళ్లూ ఉన్నారు, అదీ తప్పే. మొదటి రూపాయి నుంచి లెక్క. స్టాంపు విలువ మీ ధరకన్నా ఎక్కువగా ఉంటే ఆ ఎక్కువ మొత్తం మీద పట్టాలి. తక్కువే ఉందనుకుంటే మీ పన్ను 64,000. ఇంత పెద్ద కొనుగోలులో చట్టం ఏమంటుందో అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక్కసారి ఎవరినైనా అడగాల్సింది. పట్టుకోవాల్సిన బాధ్యత చట్టం కొన్నవారి మీదే పెట్టింది. అమ్మినాయన వద్దన్నారన్న మాట అక్కడ చెల్లదు.

ఇప్పుడు మీ కేసును తేల్చే విషయం. పట్టిన పన్నును కొన్నవారు శాఖకు కట్టే ఫారం 26క్యూబీలో రెండు తేదీలు అడుగుతారు. ఒకటి Date of Payment/Credit, అంటే డబ్బు ఇచ్చిన రోజు. రెండోది Date of Deduction, అంటే పన్ను నిజంగా పట్టుకున్న రోజు. చాలామంది రెండింటిలోనూ ఒకే తేదీ వేసేస్తారు. మీరు ఇంతవరకు పన్ను పట్టుకోనేలేదు. కాబట్టి రెండో తేదీ ఇంకా రాలేదు.

ఆ తేడా ఎందుకంటే, ఫారం గడువు పన్ను పట్టిన నెల ముగిశాక 30 రోజులు. గడువు దాటితే రోజుకు 200 చొప్పున, పన్ను మొత్తానికి మించకుండా, ఆలస్య రుసుము పడుతుంది. మీరు నవంబరు 20న పట్టుకుంటే డిసెంబరు 30 దాకా గడువు ఉంటుంది, రుసుము రాదు. పట్టాల్సిన రోజు నుంచి పట్టిన రోజు వరకు నెలకు ఒక శాతం వడ్డీ మాత్రం కట్టాలి. నెలలో కొంత భాగమైనా పూర్తి నెల కిందే లెక్క. జనవరి దఫా పన్ను 10,000 మీద 11 నెలలకు 1,100. ఏప్రిల్ దఫా 24,000 మీద 8 నెలలకు 1,920. జూలై దఫా 30,000 మీద 5 నెలలకు 1,500. వడ్డీ అంతా కలిపి 4,520.

మీకు చెప్పిన అడ్డదారి లెక్క చూడండి. 64,000 జూలై 14నే పట్టినట్టు రాస్తే ఆగస్టు 30తో గడువు అయిపోయింది. నవంబరు 20కి 82 రోజుల ఆలస్యం, రుసుము 16,400. పట్టి కూడా కట్టనందుకు వడ్డీ నెలకు ఒకటిన్నర శాతం చొప్పున ఇంకో 4,800. అబద్ధం రాసి 21,200 కడతారు, నిజం రాస్తే 4,520తో పోతుంది.

ఇక చేయాల్సింది. పెద్దాయన దగ్గరకు వెళ్లి 64,000 మీ ఖాతాకు వెనక్కి పంపించమని అడగండి. నగదు తీసుకోకండి. ఆ డబ్బు ఆయన పాన్‌లోనే జమ అవుతుందనీ, ఆయన రిటర్నులో తన పన్నుకు సర్దుకోవచ్చనీ, మిగిలితే రిఫండ్ వస్తుందనీ చెబితే ఒప్పుకుంటారు. ఏ ఇంటి తాలూకు, ఏ దఫాల మీద పన్నో రాసి ఇద్దరూ సంతకం చేసిన కాగితం ఒకటి పెట్టుకోండి. పట్టుకున్న తేదీకి మీ సాక్ష్యం ఆ కాగితం, బ్యాంకు స్టేట్‌మెంటు. ఆయన ఇవ్వనంటే మీ డబ్బుతో కట్టేసి, తర్వాత అడగండి. ఆయన విదేశాల్లో పిల్లల దగ్గర ఎక్కువ కాలం ఉంటున్నారా అన్నది కూడా కనుక్కోండి. ప్రవాసి అయితే ఈ సెక్షనే వర్తించదు, వేరే లెక్క అవుతుంది. ఆయన పాన్ ఆధార్‌తో లింకై పనిచేస్తోందో లేదో కూడా ఫారం నింపే ముందే చూడండి.

డబ్బు వచ్చిన రోజే పన్ను శాఖ పోర్టల్‌లో e-Pay Tax ద్వారా మూడు ఫారాలు వేయండి, దఫాకు ఒకటి. మొత్తం ధర అడిగిన చోట మూడింటిలోనూ 64 లక్షలే రాయాలి. ఈసారి చెల్లించినది అడిగిన చోట మాత్రం ఆ దఫా మొత్తమే, అంటే 10, 24, 30 లక్షలు. ఇక్కడే చాలామంది 64 లక్షలు రాసేసి, ప్రతి ఫారంలోనూ పూర్తి పన్ను కట్టుకుంటారు. ఆ అదనం వెనక్కి రావడానికి మళ్లీ తిరగాలి. వడ్డీని కూడా అదే ఫారంలో దాని గడిలో వేయండి.

"పెద్దాయన తన పన్ను తానే కట్టేస్తే నాకెందుకు" అని మీకు అనిపించవచ్చు. అమ్మినవారు రిటర్నులో ఆ డబ్బు చూపి పన్ను కట్టినట్టు ఆడిటర్ ఫారం 26ఏలో ధ్రువీకరిస్తే, అసలు పన్ను మీ మీద పడదన్న వెసులుబాటు ఉన్న మాట నిజమే. కానీ జూలైలో జరిగిన అమ్మకానికి ఆయన రిటర్ను 2026లో గానీ వేయరు. అప్పటిదాకా వడ్డీ పెరుగుతుంది, మీ చేతిలో ఉత్తరం ఉంది. ఇన్నాళ్లు ఆగితే కాలదోషం పట్టిపోతుందనీ అనుకోకండి. పన్ను పట్టలేదని ఉత్తర్వు ఇవ్వడానికి, డబ్బు చెల్లించిన ఆర్థిక సంవత్సరం ముగిశాక 6 ఏళ్ల వరకు శాఖకు సమయం ఉంది. మీ జనవరి దఫాకు అది 2031 మార్చి 31 దాకా, మిగతా రెండింటికి 2032 మార్చి 31 దాకా.

ఉత్తరంలో ఇచ్చిన గడువు లోపలే మూడు చలానాలు, దస్తావేజులో ఆ పేజీ, బ్యాంకు స్టేట్‌మెంటు జతచేసి జవాబు పంపండి. 20వ తేదీకి డబ్బు సర్దుబాటు కాక గడువు దగ్గరపడితే, ముందుగా రాతపూర్వకంగా సమయం అడగండి. ఫారాలు ప్రాసెస్ అయ్యాక శాఖ వారి ట్రేసెస్ సైటులో, పన్ను పట్టి కట్టినట్టు చూపే ధ్రువపత్రాలు ఫారం 16బీలు మూడూ దించుకుని పెద్దాయనకు ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి.