c6 మీద కన్నేసి రాయి

ఒంగోలు

తమ్ముడికి,

చెస్‌లో మైనారిటీ అటాక్ మీద, అంటే తక్కువ బంట్లతో ఎక్కువ బంట్ల మీదికి వెళ్ళే పథకం మీద, నువ్వు రాసిన వ్యాసం చదివాను. కావలి కుర్రాడివి కాబట్టి ఖడ్గ తిక్కనతో మొదలుపెట్టాలనిపించడం సహజమే. కానీ ఆ పేరా తీసేయి. ఆయన చివరిసారి యుద్ధానికి వెళ్ళింది వెనక్కి వచ్చే ఆలోచన లేకుండా. ఇక్కడ a, b బంట్లు వెళ్ళేది వీరమరణానికి కాదు, మార్పిడికి. "ఇద్దరు ముగ్గురిని ఓడిస్తారు" అని నువ్వు రాసింది చదివినవాడు, బంటు గెలుచుకోవడమే లక్ష్యమనుకుని తెల్లతో b5 దాకా వెళ్ళి, అక్కడ ఏమీ దొరక్క టెన్షన్ పడతాడు.

ముందు బోర్డు చూపించు. కార్ల్స్‌బాడ్ నిర్మాణం అని పేరు చెబితే చాలదు, అది ఎలా వస్తుందో ఎత్తులతో ఇవ్వాలి:

1.d4 d5 2.c4 e6 3.Nc3 Nf6 4.cxd5 exd5 5.Bg5 Be7 6.e3 c6 7.Bd3 O-O 8.Qc2 Nbd7 9.Nf3 Re8 10.O-O Nf8 11.Rab1

ఇక్కడ ఆగి బంట్లు లెక్కపెట్టించు. క్వీన్ వైపు తెల్లకు a, b రెండే. నల్లకు a, b, c మూడు. తెల్ల c బంటు నాలుగో ఎత్తులోనే పోయింది కాబట్టి c ఫైల్ తెల్ల వైపు నుంచి తెరిచే ఉంది, దాని ఎదురుగా c6 ఉంది. 11.Rab1 ఎందుకో ఒక్క వాక్యంలో చెప్పు: e7లోని బిషప్ b4 మీద కన్నేసి ఉంది, వెనక రూక్ లేకుండా b4 తోస్తే ఆ బంటు ఊరికే పోతుంది.

తర్వాత 11...a5 12.a3 Ng6 13.b4 axb4 14.axb4. ఇక తెల్ల b5 తోసి, bxc6 కొట్టి, నల్లతో bxc6 ఆడించుకోవాలి. నీ వ్యాసంలో ఈ చోటుకు రెండు లైన్లే ఉన్నాయి, నిజానికి సగం వ్యాసం ఇక్కడే ఉండాలి. ఆ మార్పిడి తర్వాత c6 బంటుకు పక్కన b బంటు లేదు. d బంటు ముందుకు, d5కి వెళ్ళిపోయింది. ఇక c6ని కాపాడాల్సింది రూక్‌లు, క్వీన్, బిషపే. ఒక బంటు కోసం అంత పెద్ద పావులు కాపలా కూర్చోవడమే తెల్లకు దక్కిన లాభం. ఇంకొకటి కూడా చెప్పు, చాలామంది వదిలేస్తారు: నల్ల బంట్లలో ఏదీ ఇక c5 గడిని కొట్టలేదు. తెల్ల నైట్ a4 మీదుగా c5 చేరితే బంటుతో దాన్ని తరమడం కుదరదు.

నల్ల వేరే దారి పట్టినా చూపించాలి. b5 మీద cxb5 కొడితే d5 ఒంటరి బంటు అవుతుంది, b7 కూడా తెరుచుకున్న b ఫైల్ మీద చిక్కుతుంది. b5 పడ్డాక c5 తోస్తే తెల్ల dxc5 కొడుతుంది, మళ్ళీ d5 ఒంటరే. అయితే ఇందులో నల్ల పావులకు కాస్త గాలి ఆడుతుంది. నా మటుకు, నల్ల చేతులు కట్టుకుని c6 కాచుకోవడం కన్నా చాలాసార్లు ఇదే మేలు.

అంత లాభం ఉన్నప్పుడు తెల్ల ఎప్పుడూ ఎందుకు గెలవదు? ఈ ప్రశ్న నీ వ్యాసంలో లేనే లేదు. c6 ఒక్కటే బలహీనత అయితే నల్ల దాన్ని ఓపిగ్గా కాచుకోగలదు. తెల్ల రెండో చోట, మామూలుగా రాజు వైపు, ఇంకో తలనొప్పి తేవాలి. పైగా తెల్ల అటు బంట్లు తోస్తుంటే నల్ల ఇటు ఊరుకోదు. Ne4, Re6, g6లో నైట్ అడ్డు లేకపోతే అక్కడి నుంచి h6కి రూక్... రాజు మీదికి వస్తుంది. తెల్ల నైట్ c5లో దర్జాగా కూర్చున్నా, g2 దగ్గర గొడవకు అది దూరమే. అందుకే తెల్ల చిన్న పావుల్ని మార్చుకోవాలని చూస్తుంది. దాడి చేసేవి తగ్గితే c6 బరువు పెరుగుతుంది.

నల్లకున్న అసలు మందు, b4 పడగానే తనే b5 తోయడం. చూడ్డానికి c6ని తనే వెనకబెట్టుకున్నట్టుంటుంది. కానీ తెల్ల b, d బంట్లు దాటిపోయాయి కాబట్టి c4 గడిని తెల్ల బంట్లు ఏవీ కొట్టలేవు. అక్కడ నల్ల నైట్ కూర్చుంటే c ఫైల్ మూసుకుపోయి c6 దాని వెనక దాక్కుంటుంది. నైట్ చేరలేకపోతే మాత్రం b5 ఆత్మహత్యే, c6 తెరిచిన c ఫైల్‌లో తెల్ల రూక్‌లకు ఎదురుగా నిలబడిపోతుంది.

అందుకని వ్యాసంలో ఇంకో బొమ్మ చేర్చు. నల్ల నైట్ d7లో ఉంటే b6 మీదుగా రెండు ఎత్తుల్లో c4 చేరుతుంది. f8కి వెళ్ళిపోయి ఉంటే మూడు. g6 చేరాక అయితే, e5 గడిని తెల్ల d4 బంటు కొడుతుంది కాబట్టి వెనక్కి తిరిగి రావాలి, నాలుగు. ఈ మూడు స్థితుల్లోనూ b5 తోస్తే ఏమవుతుందో విడివిడిగా ఆడి, వచ్చిన ఎత్తులు రాసి పంపు.

మీ అన్న