డెబ్బై నిండుతున్న భర్త మేనత్తకు ఆవిడ భాషలో నాలుగు మాటలు

ప్రశ్న: మాది రాజమండ్రి. ఆరేళ్ల క్రితం హాంకాంగ్ అబ్బాయిని పెళ్లి చేసుకుని ఇక్కడే ఉంటున్నాను. మా మామగారి అక్క మా ఆయన్ని చిన్నప్పుడు పెంచారు. నేను వచ్చిన కొత్తలో దిగులుగా ఉంటే తామర దుంప సూప్ కాచి తాగించారు. ఆవిడకు ఇంగ్లీషు రాదు. పోయిన కొత్త సంవత్సరానికి ఇంటర్నెట్‌లో దొరికిన చైనా శుభాకాంక్షలు పంపితే ఒక బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకున్నారు. చాలా బాధేసింది. వచ్చే నెల ఆవిడ డెబ్బయ్యో పుట్టినరోజు. మా ఆయన "ఏదో ఒకటి పంపు, ఏమీ అనుకోదు" అంటారు. నాకేమో టెన్షన్. కాంటొనీస్‌లో నా మనసులో మాట ఎలా రాయాలి?

జవాబు: ముందు ఆ బొటనవేలి బొమ్మ సంగతి చూద్దాం. ఆవిడ మిమ్మల్ని దూరం పెట్టారని నాకు అనిపించడం లేదు. ఇంటర్నెట్‌లో దొరికే శుభాకాంక్షలు దాదాపు అన్నీ చైనా అధికార భాష మాండరిన్ వ్యాకరణంతో రాసినవే. చాలావాటిలో లిపి కూడా చైనా ప్రధాన భూభాగంలో వాడే సరళ లిపి. హాంకాంగ్‌లో పెద్దవాళ్లు చదివేది పాత లిపి, ఇంట్లో మాట్లాడేది కాంటొనీస్. మీ మేనమామ మీకు ఫోన్ చేసి గ్రాంథికంలో "తాము క్షేమమని తలంచెదను" అంటే ఎలా ఉంటుందో, మీ సందేశం ఆవిడకు అలా తగిలి ఉంటుంది. దానికి తిరిగి ఏమనాలో తోచక బొమ్మ పెట్టి ఉంటారు.

ఈ తేడా పట్టుకోవడానికి చైనా అక్షరాలు నేర్చుకోనక్కర్లేదు. రాసిన వాక్యాన్ని మీ ఆయన్ని పైకి చదవమనండి. మన "యొక్క" అర్థంలో 'తిక్' అనీ, "అవును, అది" అనే చోట 'సీ' అనీ వినిపిస్తే అది పుస్తకాల భాష. వాటి చోట 'కె', 'హయ్' వినిపిస్తే అది ఇంట్లో మాట్లాడుకునే భాష. చదువుతూ చదువుతూ ఆయనే ఒక మాటను మార్చి పలికినా సరే, అక్కడ పుస్తకం అడ్డం వచ్చిందన్నమాట.

ఇక పిలుపు. ఇది తప్పితే తర్వాత ఎంత బాగా రాసినా అతకదు. మామగారి అక్క కాబట్టి ఆవిడ 'కూమా'. ఆయనకు చెల్లెలై ఉంటే 'కూచే' అయ్యేవారు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు 'జి' పెడతారు గానీ నోటితో పలికేది మన 'క' కే దగ్గర. మన వరసల లెక్కలో భర్త మేనత్త మీకు పెద్దమ్మ అవుతారు. అక్కడ ఆ లెక్క లేదు, భర్త ఏమని పిలిస్తే భార్యా అదే పిలుపు. రేపు మీకు పిల్లలు పుడితే వాళ్లు ఆవిడను 'కూపో' అంటారు. ఆవిడను మాత్రం ఆంటీ అనకండి. ఆ మాట అక్కడా ఉంది, కానీ స్నేహితురాలి తల్లినీ పక్కింటావిడనీ అలా పిలుస్తారు. పెంచిన మనిషికి అది చాలదు.

తెలుగువాళ్లకు ఇక్కడ ఇంకో ఇబ్బంది వస్తుంది. మనం "మీరు", "గారు" కోసం వెతుకుతాం. కాంటొనీస్ మాటల్లో అందరికీ ఒకటే 'నెయ్'. డెబ్బై ఏళ్ల మనిషిని "నువ్వు" అన్నట్టు ఉంటుందని మీకు సంకోచం కలగవచ్చు. కానీ గౌరవం అంతా మొదట్లో వచ్చే ఆ 'కూమా'లోనే ఉంది. మాట మొదలుపెట్టే ముందు వరస పెట్టి పిలవడమే వాళ్ల "గారు". అందుకే సందేశంలో మొదటి మాట అదే కావాలి, పేరు వద్దు.

ఇప్పుడు మనసులో మాట. మీరు బహుశా "మీరంటే నాకు ప్రేమ" అని రాయాలనుకుంటున్నారు. ప్రేమకు వాళ్ల మాట 'ఓయ్'. ఇంట్లో పెద్దవాళ్లతో ఆ మాట అనడం వాళ్లకూ ఎబ్బెట్టే, మనం అత్తయ్యతో "ఐ లవ్ యూ" అననట్టే. దానికి వాళ్ల దగ్గర 'సెక్' అని ఇంకో చక్కటి మాట ఉంది. ముద్దు చేయడం, ఆపేక్షగా చూసుకోవడం అని అర్థం. ముద్దు పెట్టుకోవడానికీ అదే మాట. "ఇన్నాళ్లూ నన్ను ఇంత ఆపేక్షగా చూసుకున్నావు" అని 'సెక్' పెట్టి రాస్తే, మీ ప్రేమ ఎంతో చెప్పనక్కర్లేకుండా ఆవిడ ప్రేమ మీకు అందిందని చెప్పినట్టవుతుంది. ఆవిడ వినాలనుకునేది కూడా అదేనని నా నమ్మకం.

కృతజ్ఞత చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త. నేను ఆ ఊళ్లో కొన్నాళ్లున్నాను. మా పక్కింటి పెద్దావిడ పండగకు ఎర్ర కవరులో డబ్బు పెట్టి ఇస్తే 'మ్ కోయ్' అన్నాను. బస్సులో, దుకాణంలో అందరూ అనే మాట అదే కదా అనుకున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని "ఇలాంటప్పుడు 'తో చే' అనాలమ్మా" అని నేర్పారు. దారి ఇచ్చినందుకు, కాయితం అందించినందుకు అయితే 'మ్ కోయ్'. కానుకకు, చేసిన మేలుకు 'తో చే'. ఆరేళ్ల కిందటి ఆ సూప్‌కు 'తో చే' నే తగినది.

డెబ్బైకి వాళ్లు 'తాయ్ సౌ' అంటారు, పెద్ద ఆయుష్షు పండగ అని. మనకు డెబ్బైకి భీమరథ శాంతి ఉన్నట్టే. అయితే పుట్టిన రోజునే ఒక ఏడుగా లెక్కపెట్టే ఇళ్లున్నాయి, ఆడవాళ్లకు డెబ్బై ఒకటిలో చేసే ఇళ్లూ ఉన్నాయి. కాబట్టి ఈసారి చేస్తున్నది డెబ్బయ్యేనా అని మీ అత్తగారిని ఒక్కసారి అడిగి అంకె రాయండి. తూర్పు సముద్రమంత భాగ్యం, దక్షిణ పర్వతమంత ఆయుష్షు కలగాలనే ఎనిమిది అక్షరాల దీవెన ఒకటి బ్యానర్ల మీద, కార్డుల మీద కనిపిస్తుంది. మన "ఆయురారోగ్య అష్టైశ్వర్యాలు" లాంటిది. కార్డు మీద ఉండనివ్వండి, మీ సందేశంలోకి తేవద్దు. అది రాగానే మీ గొంతు వెళ్లిపోయి అచ్చు గొంతు వస్తుంది. పోయినసారి జరిగింది కూడా అదే.

మీ ఆయన్ని "నా తరఫున రాసి పెట్టు" అని అడిగితే ఆ ఎనిమిది అక్షరాలే రాసిస్తారు. అలా అడగకండి. సూప్ కథ చెప్పి, "ఇదే నువ్వు భోజనాల బల్ల దగ్గర కూమాతో చెప్పాలంటే ఎలా అంటావు?" అని అడగండి. మీరు రాసినదాన్ని బట్టి నేనొక రూపం వేశాను. వాక్యాలు సరిచూడటం వరకే ఆయన పని:

```
姑媽，七十大壽生日快樂呀！
我初嚟香港嗰年，日日掛住屋企。
你煲蓮藕湯畀我飲，我到而家都記得。
多謝你一直咁錫我。
祝你身體健康，食多啲、笑多啲呀！
今次輪到我煲湯畀你飲，
係我媽媽教我㗎，有少少辣！
```

దీని అర్థం వరుసగా చెబుతాను. "కూమా, డెబ్బై ఏళ్ల పండగ, పుట్టినరోజు శుభాకాంక్షలు! నేను హాంకాంగ్ వచ్చిన కొత్తలో రోజూ ఇల్లే గుర్తొచ్చేది. నువ్వు తామర దుంప సూప్ కాచి తాగించావు, ఇప్పటికీ గుర్తుంది. ఇన్నాళ్లూ నన్నింత ఆపేక్షగా చూసుకున్నందుకు తో చే. ఆరోగ్యంగా ఉండు, ఇంకాస్త తిను, ఇంకాస్త నవ్వు! ఈసారి సూప్ కాచి నీకు తాగించడం నా వంతు, మా అమ్మ నేర్పింది, కొంచెం కారంగా ఉంటుంది!"

మీరు కాచబోయే ఆ సూప్ మన చారే. మీ ఉత్తరంలో తామర దుంప మాట చదవగానే నాకది తట్టింది.

వాక్యాల చివర వచ్చే 'ఆ', 'కా' లాంటి చిన్న మాటలు తీసేయకండి. మన "మరి", "కదా", "సుమా" లాంటివి. అవి లేకపోతే "ఇంకాస్త తిను" అన్నది ఆజ్ఞలా ఉంటుంది. ఉంటే అదే వాక్యం బతిమాలినట్టు ఉంటుంది. పుస్తకాల భాషలో ఇవి ఉండవు కాబట్టే పోయినసారి సందేశం బిగుసుకుపోయినట్టు అనిపించి ఉంటుంది.

కుటుంబం గ్రూపులో పెట్టకండి. అక్కడ అందరి కేకు బొమ్మల మధ్య మీ మాట మునిగిపోతుంది. పుట్టినరోజు పొద్దున్నే ఆవిడకు విడిగా పంపండి, రాత్రి విందుకు ముందే ఆవిడ ఒంటరిగా చదువుకునేలా. టైపు చేయడం ఇష్టం లేని పెద్దవాళ్లు వాయిస్ పంపుతుంటారు. ఈసారి బొమ్మకు బదులు గొంతు వస్తే మీ మాట అందినట్టే. అర్థం కాకపోతే మీ ఆయనతో కలిసి వినండి. మళ్లీ బొమ్మే వచ్చినా ఆ రోజే ఒక నిర్ణయానికి రాకండి, విందులో మీ పళ్లెంలో ఆవిడ ఏం వడ్డిస్తారో చూడండి.

విందులో నోటితో చెప్పడానికి మొదటి వాక్యంలో ఇంత చాలు: "కూమా, సాంగ్ యట్ ఫాయ్ లోక్ ఆ!" సూప్ సంగతి నోటితో చెప్పాలనుకుంటే మాత్రం ముందు సాధన చేయండి. సూప్‌ను 'థోంగ్' అంటారు, గొంతు పైన నిలిపి సాగదీయాలి. అదే మాటను గొంతు కిందికి దించి పలికితే చక్కెర అవుతుంది. తెలుగు అక్షరాల్లో ఈ తేడా రాయలేం, చెవితోనే పట్టుకోవాలి. మీ ఆయన చేత రెండూ పక్కపక్కన పదిసార్లు పలికించుకుని వెంట వెంట అనండి.

కానుకగా గడియారం కొనకండి. గడియారం ఇవ్వడం అన్న మాటా, చివరి ఘడియల్లో సాగనంపడం అన్న మాటా అక్కడ ఒకేలా వినిపిస్తాయి.

చారులో మొదటిసారి మిరియాలు సగానికి తగ్గించండి, ఇంగువ చిటికెలో సగం చాలు. ఆవిడకు అలవాటైన సూప్ గంటల తరబడి కాచేది, చిక్కగా ఉంటుంది. మన చారు నీళ్లలా కనిపిస్తే తొందరగా చేసేశారని అనుకోవచ్చు. అందుకని కాస్త పప్పుకట్టు కలిపి, చిన్న గిన్నెలో వేడిగా ఇవ్వండి. పోపు ఆవిడ ఎదురుగానే పెట్టండి.