మేనేజర్‌కు రాసే మెయిల్‌లో ఏ సారీ ఉండాలి, ఏది పోవాలి

ప్రశ్న: మా మేనేజర్‌కి ఏ మెయిల్ రాసినా సారీతో మొదలై సారీతోనే ముగుస్తోంది. మధ్యలో అంతా జస్ట్, మేబీ, ఐ థింక్. అవన్నీ తీసేస్తే పొగరుగా కనిపిస్తానేమోనని భయం. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

జవాబు:

నేను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో టెస్టింగ్ విభాగంలో పనిచేస్తాను. ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరాల్లో నేను రాసిన ఒక మెయిల్‌ను ఇప్పటికీ దాచుకున్నాను, ఎందుకంటే దాని వల్ల మా బృందానికి నిజంగా నష్టం జరిగింది. ఒక బిల్లింగ్ రిపోర్టును శుక్రవారం విడుదల చేయవలసి ఉండగా, సోమవారం క్లయింటు నుంచి రావలసిన శాంపిల్ డేటా ఫైలు బుధవారం సాయంత్రం వచ్చింది. గడువు పెంచమని అడగడానికి ఆ రాత్రి నేను ఇంగ్లీషులో రాసిన మెయిల్‌ను ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను. అతిగా వాడిన మాటలను మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

"సర్, సారీ టు డిస్టర్బ్ యూ. మీరు చాలా బిజీగా ఉంటారని తెలుసు. జస్ట్ ఒక చిన్న విషయం చెబుదామని. ఐ థింక్, శాంపిల్ ఫైలు కొంచెం ఆలస్యంగా వచ్చినట్టుంది, అందువల్ల మేబీ టెస్టింగ్ కొంచెం లేట్ కావచ్చు, సారీ ఫర్ దట్. ఇఫ్ పాసిబుల్, ఒకటి రెండు రోజులు ఎక్కువ దొరికితే బాగుంటుందేమో. నేను తప్పుగా అర్థం చేసుకుని ఉంటే సారీ. కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్."

మేనేజర్ గారు "ఓకే, శుక్రవారానికి పూర్తి చేయడానికి ప్రయత్నించండి" అని జవాబిచ్చారు. ఆ వారం సమీక్షలో ఆలస్యం మా బృందం ఖాతాలో పడింది, గడువు ముందే అడిగానని నేను చెప్పినప్పుడు ఆయన "మీరు అడగలేదు కదా" అన్నారు. మెయిల్ తెరిచి చూసుకుంటే ఆయన మాటే నిజం. ఆ మెయిల్‌లో తేదీ లేదు, ఆయన చేయవలసిన పని లేదు, ఫైలు ఎప్పుడు రావాలో ఎప్పుడు వచ్చిందో లేదు. సారీలు మాత్రం మూడు ఉన్నాయి. ఆయన అప్పట్లో అమీర్‌పేట నుంచి రాయదుర్గం వెళ్లే మెట్రోలోనే ఫోన్‌లో మెయిళ్లు చూసేవారు, ఆ చిన్న తెరపై పైకి కనిపించేవి శీర్షిక, మొదటి వాక్యమే. నా మెయిల్‌లో ఆ రెండు చోట్లా విషయం లేదు.

ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచిస్తే నాకు ఒక విషయం అర్థమైంది. తెలుగులో మర్యాద క్రియలోనే ఉంటుంది. "చూడండి" అన్నప్పుడు ఆ "అండి" గౌరవాన్ని మోస్తుంది, పేరు పక్కన "గారు" మిగిలినది చూసుకుంటుంది. ఇంగ్లీషులో రాయగానే ఆ రెండూ జారిపోతాయి, వాక్యం బోసిగా అనిపిస్తుంది, ఆ వెలితిని పూడ్చడానికి మనం "ఏమనుకోకండి" అనే మాటను సారీగా, "కొంచెం" అనే మాటను జస్ట్‌గా, "వీలైతే" అనే మాటను ఇఫ్ పాసిబుల్‌గా మార్చి నింపుతాము. "కొంచెం ఈ ఫైలు చూస్తారా" అన్నప్పుడు వినేవారికి పని చిన్నదని అనిపించదు, కానీ అదే మాట జస్ట్‌గా మారి మెయిల్‌లోకి వస్తే, చదివేవారికి ఇది ముఖ్యమైన పని కాదని అర్థమవుతుంది.

అందుకే నేను మాటలను తీసివేయడంతో మొదలుపెట్టను. ముందుగా, నాకు ఎదుటివారి నుంచి కావలసిన ఒకే ఒక్క వాక్యాన్ని విడిగా రాసుకుంటాను. అది రాయలేకపోతే మెయిల్‌లో ఎన్ని మాటలు తీసినా ప్రయోజనం ఉండదు. నా మెయిల్‌లో "కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్" అన్నది అలా రాయలేకపోయిన వాక్యమే, ఆ చేయవలసినదేమిటో ఊహించుకునే పనిని నేను మేనేజర్ మీదకు నెట్టాను. ఆ తర్వాత మెయిల్‌ను నోట్‌ప్యాడ్‌లోకి కాపీ చేసి, Ctrl+F నొక్కి sorry, just, maybe అనే మాటలను వెతికి, దొరికిన ప్రతిదాని దగ్గర ఆగుతాను.

సారీ దగ్గర నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: నా వల్ల ఆయనకు జరిగిన నష్టం ఏమిటి? మెయిల్ పంపడం నష్టం కాదు, అది నా ఉద్యోగంలో భాగం, కాబట్టి మొదటి సారీ పోతుంది. ఫైలు ఆలస్యం నా తప్పు కాదు, కాబట్టి రెండవది కూడా పోతుంది. ఇది అన్నిటికంటే ప్రమాదకరమైనది, ఎందుకంటే నేను చేయని ఆలస్యాన్ని నా చేతులతోనే నా పేరున రాసినట్టయింది. మూడవది ఇంకా జరగని పొరపాటుకు ముందుగా చెప్పిన సారీ, దానికీ చోటు లేదు.

సందేహపు మాటల దగ్గర మాత్రం తొందరపడకూడదు. ఫైలు బుధవారం వచ్చిందని నాకు ఖచ్చితంగా తెలుసు, అయినా దానికి ముందు ఐ థింక్ తగిలించాను. అది భయం, తీసేయాలి. కానీ టెస్టింగ్ ఎప్పటికి ముగుస్తుందన్నది నిజంగానే కొంత అనిశ్చితం, ఎందుకంటే పెద్ద లోపం బయటపడితే లెక్క మారుతుంది. అలాంటి చోట సందేహాన్ని దాచితే అది ధీమా కాదు, తప్పుడు హామీ అవుతుంది. మేబీ అని వదిలేయకుండా, ఆ సందేహం దేని మీద ఆధారపడి ఉందో, అది ఎప్పుడు తీరుతుందో చెప్పాలి. అదే మెయిల్‌ను తర్వాత అభ్యాసం కోసం నేను ఇలా తిరిగి రాసుకున్నాను.

"శీర్షిక: బిల్లింగ్ రిపోర్టు విడుదల మంగళవారానికి మార్చడానికి అనుమతి, రేపు మధ్యాహ్నం లోపు.

నమస్తే సర్. బిల్లింగ్ రిపోర్టు విడుదలను శుక్రవారం నుంచి వచ్చే మంగళవారానికి మార్చడానికి మీ అనుమతి కోరుతున్నాను. సోమవారం రావలసిన శాంపిల్ ఫైలు బుధవారం సాయంత్రం అందింది. 140 టెస్ట్ కేసుల్లో 96 పూర్తయ్యాయి, మిగిలిన 44 ఈ ఫైలు ఉంటేనే చేయగలం. రోజుకు 22 చొప్పున అవి శుక్రవారం సాయంత్రానికి ముగుస్తాయి, సోమవారం సరిచేసిన లోపాలను మళ్లీ పరీక్షిస్తాము. పెద్ద లోపం బయటపడితే మంగళవారం కూడా మారవచ్చు, ఆ సంగతి శుక్రవారం సాయంత్రం మీకు తెలియజేస్తాను. శుక్రవారమే విడుదల చేయాలంటే ఈ 44లో సగం పరీక్షించకుండా వదలవలసి వస్తుంది. రేపు మధ్యాహ్నం లోపు మీ నిర్ణయం తెలిపితే క్లయింటుకు సమాచారం పంపుతాను. థాంక్యూ సర్."

ఇందులో "మారవచ్చు" అన్న మాట ఉంది, కానీ అది ఎవరినీ బతిమాలడం లేదు.

పొగరు గురించిన మీ భయం నిరాధారమైనది కాదు. ఈ పద్ధతి మొదలుపెట్టిన కొత్తలో నేను నమస్తే, థాంక్యూ కూడా తీసేశాను, "మంగళవారానికి మార్చాలి, రేపటిలోగా చెప్పండి" అన్న ధోరణిలో రాశాను. మా బృందంలోని ఒక సీనియర్ అక్క ఆ మెయిల్ చదివి, "ఇది అనుమతి అడిగినట్టు లేదు, ఆర్డర్ వేసినట్టుంది" అని వెంటనే చెప్పారు. అప్పటి నుంచి మొదట పలకరింపు, చివర ఒక థాంక్యూ ఎప్పుడూ ఉంచుతాను, నిర్ణయం మేనేజర్‌దే అయిన చోట "మీ అనుమతి", "మీ నిర్ణయం" అనే మాటలను స్పష్టంగా రాస్తాను. పైవారి స్థానాన్ని ఆ మాటలే గుర్తిస్తాయి, దానికోసం నేను తగ్గిపోవలసిన అవసరం రాలేదు.

తప్పు నిజంగా మనదే అయినప్పుడు సారీ ఉండాలి, ఒక్కసారి, తప్పును పేరు పెట్టి చెప్పే వాక్యంలో. ఆ తర్వాతి సంవత్సరం నేను పొరపాటున పాత రిపోర్టును క్లయింటుకు పంపాను. "నిన్న సాయంత్రం పంపిన రిపోర్టు పాతది, అది నా పొరపాటు, సారీ. సరైన రిపోర్టును ఈ ఉదయం 9 గంటలకు పంపాను, ఇకపై పంపే ముందు ఫైలు తేదీని మరొకరు సరిచూస్తారు" అని రాశాను. ఇలాంటి చోట "మీ ఓపికకు థాంక్స్" అని తప్పించుకుంటే చదివేవారికి ఒళ్లు మండుతుంది. మేనేజర్ గారు ఆ మెయిల్‌కు ఒకే ప్రశ్న వేశారు, సరిచూసేది ఎవరని. నేను పేరు రాసి పంపాను.