వాలెట్‌లో 400 యూఎస్‌డీటీ ఉంది, పంపబోతే ఫీజుకు డబ్బు లేదంటోంది

ప్రశ్న: నా వాలెట్‌లో 400 యూఎస్‌డీటీ ఉంది. మూడు నెలల క్రితం ఎక్స్ఛేంజీ నుంచి తెచ్చుకున్నాను. అప్పుడు ఫీజు అందులోంచే కట్ అయింది. ఇప్పుడు తిరిగి ఎక్స్ఛేంజీకి పంపబోతే గ్యాస్ ఫీజుకు ఈథర్ చాలదంటోంది. ఇంత డబ్బు పెట్టుకుని ఫీజుకు లేకపోవడమేంటి? టెలిగ్రామ్‌లో ఒకాయన వాలెట్‌ను యాక్టివేట్ చేసిపెడతానంటున్నారు. చేయించుకోవచ్చా?

జవాబు: ముందు ఆ టెలిగ్రామ్ ఆయనతో మాట్లాడటం ఆపేయండి. వాలెట్‌కు యాక్టివేషన్ ఏమీ అక్కర్లేదు, మీ డబ్బు ఎక్కడికీ పోలేదు. మీకు కావలసింది కొద్దిపాటి ఈథర్, అంతే.

మీరు చెప్పినదాన్ని బట్టి మీ యూఎస్‌డీటీ ఇథీరియం నెట్‌వర్క్ మీద ఉంది. ఆ నెట్‌వర్క్‌లో ఏ పని చేయించుకున్నా కూలి ఈథర్‌లోనే ఇవ్వాలి. యూఎస్‌డీటీ అక్కడ సొంత నాణెం కాదు. అది ఒక కంపెనీ ఆ నెట్‌వర్క్ మీద పెట్టిన ఖాతా పుస్తకం లాంటిది. ఆ పుస్తకంలో మీ అడ్రసు పక్కన 400 అని రాసి ఉంటుంది. ‘నా 400 ఫలానా అడ్రసుకు రాయండి’ అని మీరు ఆదేశం పంపితే, నెట్‌వర్క్ ఆ పుస్తకం తెరవడానికి ముందే మీ అడ్రసులో ఫీజుకు సరిపడా ఈథర్ ఉందో లేదో చూస్తుంది. లేకపోతే అక్కడే తిప్పి పంపేస్తుంది. లోపల మీకు 400 ఉన్నా, 4 లక్షలున్నా అది చూడదు. నెట్‌వర్క్ ఇచ్చే సందేశం ఇలా ఉంటుంది:

```
insufficient funds for gas * price + value
```

మరి మూడు నెలల క్రితం యూఎస్‌డీటీలోంచే ఎలా కట్ అయిందంటారా? అప్పుడు నెట్‌వర్క్‌కు ఈథర్ కట్టింది మీరు కాదు, ఎక్స్ఛేంజీ. వాళ్ల దగ్గర ఈథర్ ఎప్పుడూ ఉంటుంది. దాంతో కట్టేసి, తమ లెక్క ప్రకారం మీ యూఎస్‌డీటీలో కొంత మినహాయించుకున్నారు. పైగా డబ్బు వచ్చేటప్పుడు ఫీజు పంపేవాళ్లదే కాబట్టి, ఈథర్ లేని వాలెట్ కూడా ఎంతైనా నిశ్శబ్దంగా పుచ్చుకుంటుంది. ఇబ్బంది బయటపడేది తిరిగి పంపేటప్పుడే.

ఇక ఎంత ఈథర్ కావాలో లెక్క చూద్దాం. పని ఎంతో కొలిచేది గ్యాస్ యూనిట్లలో. ఇథీరియంలో మామూలుగా ఈథర్ పంపితే 21,000 యూనిట్లు పడతాయి. యూఎస్‌డీటీ పంపితే పుస్తకంలో రెండు చోట్ల రాయాలి కాబట్టి సుమారు 65,000 అనుకోండి. యూనిట్ ధరను గ్వీలలో చెబుతారు. 100 కోట్ల గ్వీలు ఒక ఈథర్. ఆ ధర రద్దీని బట్టి గంటగంటకూ మారుతుంది. లెక్కకోసం 20 గ్వీలు అనుకుందాం.

```
65,000 × 20 gwei = 1,300,000 gwei = 0.0013 ETH
```

సరిగ్గా 0.0013 తెచ్చుకుంటే మాత్రం మళ్లీ అదే ఎర్రర్ చూస్తారు. రద్దీ పెరిగినా ఆగిపోకుండా వాలెట్ కాస్త ఎక్కువ గరిష్ఠ ధర పెడుతుంది. అది 30 గ్వీలైతే, పంపే క్షణానికి 0.00195 ఈథర్ ఉందా అని నెట్‌వర్క్ చూస్తుంది. తీసుకునేది 0.0013 చుట్టుపక్కలే అయినా, చూపించాల్సింది అంత. అందుకే లెక్కకు రెట్టింపు పైన, ఈ ధరల్లోనైతే 0.003 ఈథర్ తెచ్చుకోమంటాను. మిగిలింది వాలెట్‌లోనే ఉంటుంది.

తెచ్చుకోవడానికి సులువైన దారి ఎక్స్ఛేంజీలో ఆ కాస్త ఈథర్ కొని మీ వాలెట్‌కు విత్‌డ్రా చేయడం. యూఎస్‌డీటీ ఏ అడ్రసులో ఉందో ఈథర్ కూడా ఆ అడ్రసుకే రావాలి. అయితే విత్‌డ్రాకు ఎక్స్ఛేంజీలో ఒక కనీస మొత్తం ఉంటుంది, ఫీజూ ఉంటుంది. కొనే ముందే ఆ పేజీ చూడండి, లేకపోతే 0.003 కొన్నాక 0.005 లోపు పంపలేమనొచ్చు. తెలిసినవాళ్ల దగ్గర ఈథర్ ఉంటే కొంచెం పంపించుకుని వాళ్ల డబ్బు వాళ్లకు ఇచ్చేయొచ్చు. ‘వాలెట్‌లోనే కాస్త యూఎస్‌డీటీని ఈథర్‌గా మార్చుకుంటాను’ అని చాలామంది ప్రయత్నిస్తారు. మామూలుగా ఆ మార్పిడికీ ఈథరే అడుగుతుంది. కొన్ని వాలెట్లు యూఎస్‌డీటీలో ఫీజు తీసుకునే సదుపాయం ఇస్తున్నాయి, అక్కడ కూడా తెరవెనుక ఎవరో మీ తరఫున ఈథర్ కడుతున్నారనే అర్థం.

విత్‌డ్రా పేజీలో నెట్‌వర్క్ దగ్గర తొందరపడకండి. నా క్లయింట్ ఒకరు అక్కడ ఫీజు తక్కువని ఆర్బిట్రమ్ అనే వేరే నెట్‌వర్క్ ఎంచుకున్నారు. వాలెట్‌లో ఈథర్ కనిపిస్తోంది, అయినా ఎర్రర్ పోలేదు. ‘ఈథర్ ఉందిగా, ఇంకేం కావాలి దీనికి?’ అని నాకు ఫోన్. అడ్రసు రెండుచోట్లా అక్షరం తేడా లేకుండా ఒకటే, కానీ ఆర్బిట్రమ్‌లోని ఈథర్ ఇథీరియంలో ఫీజుకు పనికిరాదు. చివరికి ఆ ఈథర్‌ను ఆర్బిట్రమ్ మీదుగానే ఎక్స్ఛేంజీకి వెనక్కి పంపి, మళ్లీ ఇథీరియం ఎంచుకుని తెచ్చుకున్నారు.

కాబట్టి మొదట మీ యూఎస్‌డీటీ నిజంగా ఏ నెట్‌వర్క్‌లో ఉందో తేల్చుకోండి. etherscan.io లో మీ అడ్రసు వేస్తే పైన ఈథర్ నిల్వ, కింద టోకెన్లలో 400 యూఎస్‌డీటీ కనిపించాలి. కనిపించకపోతే, 0x తో మొదలయ్యే అదే అడ్రసును bscscan.com లో వేసి చూడండి. అక్కడ కనిపిస్తే అది బీఎన్‌బీ నెట్‌వర్క్, ఫీజుకు మీకు కావలసింది బీఎన్‌బీ. అడ్రసు T తో మొదలైతే అది ట్రాన్, అక్కడ ఫీజు టీఆర్‌ఎక్స్‌లో.

ఇప్పుడు ఆ టెలిగ్రామ్ ఆయన సంగతి. ఇలాంటివాళ్లు అడిగేది రెండింట్లో ఒకటి. 12 లేదా 24 పదాల సీడ్ ఫ్రేజ్ అడుగుతారు, అది ఇచ్చారంటే ఆ వాలెట్ ఇక వాళ్లది. లేదా గ్యాస్ ఫీజు తమ అడ్రసుకు పంపమంటారు. అసలైన గ్యాస్ కోసం ఈథర్ చేరాల్సింది మీ సొంత అడ్రసుకు, ఇంకెవరి అడ్రసుకూ కాదు. ఇంకో ఎర కూడా తిరుగుతుంటుంది: ఏమీ తెలియని అమాయకుడిలా ఒకరు తన సీడ్ ఫ్రేజ్ బయటపెట్టి సాయం అడుగుతారు. ఆ పదాలతో వాలెట్ తెరిచి చూస్తే అందులో యూఎస్‌డీటీ ఉంటుంది, ఫీజుకు మాత్రం నాణెం ఉండదు. ఆశపడి ఫీజుకని కాస్త వేస్తే, అది పడ్డ క్షణాల్లోనే ఒక ప్రోగ్రామ్ ఊడ్చేస్తుంది.

ఇక ఖర్చు గురించి ఒక మాట. ఈ ఫీజు మొత్తాన్ని బట్టి ఉండదు. 400 పంపినా 40 పంపినా దాదాపు అంతే. టెస్ట్ కోసం ముందు 10 పంపి చూడటం మంచి అలవాటే, కానీ అప్పుడు ఫీజు రెండుసార్లు పడుతుంది, ఈథర్ ఆ లెక్కన తెచ్చుకోండి. అంతకుమించి ముక్కలు చేయొద్దు. మీ దగ్గరున్నది 400 కాక ఏ 5 యూఎస్‌డీటీయో అయితే, రద్దీ రోజున ఫీజే దాన్ని మింగేయొచ్చు, అప్పుడు ధర తగ్గేదాకా వదిలేయమనేవాణ్ని. గరిష్ఠంగా ఎన్ని గ్యాస్ యూనిట్లు వాడొచ్చో చెప్పే గ్యాస్ లిమిట్ అంకెను మీరే తగ్గించి ఆదా చేద్దామని కూడా చూడకండి. పని మధ్యలో గ్యాస్ అయిపోతే ట్రాన్స్‌ఫర్ ఫెయిలవుతుంది, అప్పటిదాకా వాడిన గ్యాస్‌కు డబ్బు మాత్రం పోతుంది.

ఈథర్ చేరాక, ఎక్స్ఛేంజీ డిపాజిట్ పేజీలో యూఎస్‌డీటీకి Ethereum (ERC20) ఎంచుకుని అక్కడిచ్చిన అడ్రసు కాపీ చేసుకోండి. వాలెట్‌లో పేస్ట్ చేశాక మొదటి ఆరు, చివరి ఆరు అక్షరాలు సరిచూసి పంపండి.