0/0 వచ్చినంత మాత్రాన అవధి లేనట్టు కాదు

“(x² − 5x + 6)/(x² − 4) లో x = 2 పెడితే 0/0 వస్తోంది కాబట్టి అవధి లేదని రాశాను, తప్పన్నారు. x అనంతానికి పోయినప్పుడు 1 అన్నది మాత్రం సరే అన్నారు. ఎందుకు?”

0/0 అనేది జవాబు కాదండీ. లవం, హారం రెండింటిలోనూ (x − 2) కారణాంకంగా దాగి ఉందని అది ఇచ్చే సూచన మాత్రమే. లవం (x − 2)(x − 3), హారం (x − 2)(x + 2). అవధిలో x విలువ 2 కి ఎంత దగ్గరైనా 2 కి సమానం కాదు కనుక, (x − 2) సున్న కాదు, దాన్ని నిస్సందేహంగా కొట్టివేయవచ్చు. మిగిలిన (x − 3)/(x + 2) లో 2 ప్రతిక్షేపిస్తే అవధి −1/4 వస్తుంది. x = 2.01 తీసుకుంటే విలువ సుమారు −0.247, అంటే జవాబు సరిపోతోంది.

అయితే ఇలా కొట్టివేశాక కూడా హారంలో (x − 2) మిగిలితే జాగ్రత్త వహించాలి. హారం (x − 2)² అయి ఉంటే (x − 3)/(x − 2) మిగిలేది, అది 1.99 వద్ద 101, 2.01 వద్ద −99 కనుక అప్పుడు నిజంగానే అవధి ఉండదు.

అనంతం వద్ద కారణాంకాల అవసరమే లేదు. లవహారాలను x² తో భాగిస్తే 5/x, 6/x², 4/x² సున్నకు చేరి, x² గుణకాల నిష్పత్తి అయిన 1 మిగులుతుంది.