జారిన మోకాలి చిప్ప గురించి పాపకు

అనంతపురం

చిరంజీవి పాపకు మీ పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఖోఖోలో పాదం నేలకు ఊని ఒళ్లు తిప్పేసరికి నీ కుడి మోకాలి చిప్ప బయటి వైపుకు జారిందనీ, కాలు చాపగానే మళ్లీ చోటికి వచ్చిందనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. పుత్తూరు కట్టు వేయిద్దామని అవ్వ అంటున్నదట. ఎక్స్‌రేలో ఎముక విరగలేదని తేలింది కదా. తెగింది చిప్పను లోపలి వైపు నుంచి పట్టి ఉంచే లిగమెంటు. కాలిని నెలల తరబడి కదలకుండా బిగిస్తే తొడ కండ చిక్కిపోవడమే మిగులుతుంది. కాబట్టి డాక్టరు చెప్పిన కొద్ది వారాలు మాత్రం బ్రేసు పెట్టుకో.

ముప్పై ఏళ్లు ఫిజియోథెరపీ చేసినదానిగా చెబుతున్నాను, నొప్పి కంటే వాపు మీద ఎక్కువ కన్నేసి ఉంచు. కీలులో నీరు, రక్తం చేరితే తొడ ముందు కండ తనంతట తానే పని మానేస్తుంది. వెల్లకిలా పడుకుని కాలు తిన్నగా ఎత్తినప్పుడు మోకాలు కొంచెం వంగి మడమ కిందికి వాలితే ఆ కండ ఇంకా మేలుకోలేదని అర్థం.

దాన్ని మేలుకొల్పేందుకు చాప మీద కాళ్లు చాపుకుని కూర్చుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని నేలకేసి నొక్కుతూ అయిదు లెక్కపెట్టి వదులు. ఇలా 10 సార్లు, రోజుకు నాలుగు విడతలు చెయ్యి. నొక్కేటప్పుడు చిప్పకు కాస్త పైన, తొడ లోపలి వైపు వేళ్లు ఆనించి చూడు. ఎడమ కాలిలో కండ పచ్చి జామకాయలా గట్టిపడుతుంది, కుడి కాలిలోనూ అలాగే తగలాలి.

బ్రేసు తీశాక పక్కకు పడుకుని పై కాలు ఎత్తడం, ఆపైన అద్దం ముందు కొద్దిగా గొంతు కూర్చుని లేవడం మొదలుపెట్టు. మోకాలు బొటనవేలి లోపలి వైపుకు వాలుతుంటే చిప్ప మళ్లీ బయటికి లాగబడుతుంది. అది పాదం రెండో వేలికి సూటిగా ఉండాలి. తుంటి పక్క కండ బలహీనమైతే మోకాలు అలా వాలవచ్చు.

నా దగ్గరికి వచ్చిన ఒక కబడ్డీ పిల్ల నొప్పి లేదని అయిదో వారంలోనే ఆటకు దిగింది. ఒంటికాలి మీద కూర్చోబోతే ఆమె మోకాలు వణికేది, అయినా నేను గట్టిగా ఆపలేకపోయాను. మలుపు తిరగగానే చిప్ప మళ్లీ జారింది, చివరకు లిగమెంటుకు ఆపరేషను చేయించవలసి వచ్చింది. నీ వయసులో మళ్లీ జారే అవకాశం పెద్దవాళ్లకంటే ఎక్కువ కనుక, మూడు నాలుగు నెలలు దాటి, ఒంటికాలి మీద గెంతినా మరునాడు వాపు రానప్పుడే ఆట గురించి అడుగు.

మోకాలు మధ్యలో ఇరుక్కుపోయి చాపుకోలేకపోతే లోపల మృదులాస్థి ముక్క తిరుగుతుండవచ్చు; వెంటనే డాక్టరుకు చూపించి ఎంఆర్ఐ గురించి అడగండి.

ఆదివారం ఫోను చేస్తాను. అప్పటికి చిప్ప పై అంచు నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తున రెండు తొడల చుట్టుకొలత టేపుతో తీసి, తేదీ వేసి నోటుబుక్కులో రాసి ఉంచు.

మీ పెద్దమ్మ