పక్క బెడ్ అమ్మాయి పదింటికే పడుకుంటుంది, మార్కులు మాత్రం ఆమెకే

“మా పాప ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, హాస్టల్లో ఉంటుంది. రోజుకు 14 గంటలు చదువుతుంది. పక్క బెడ్ అమ్మాయి రాత్రి పదింటికే పడుకుంటుంది. జేఈఈ మెయిన్ మోడల్ వీకెండ్ టెస్టులో ఆమెకు 135, మా పాపకు 108. మా పాపకు తెలివి తక్కువా? ఏడో తరగతి బాబునైనా ఇప్పుడే ఫౌండేషన్‌లో వేయమంటారా? ఇద్దరి మార్కుల షీట్లు పంపుతున్నాను.” — ఒక తల్లి, నల్గొండ

అమ్మా, తెలివి సంగతి పక్కన పెట్టి షీట్లు చూడండి. మీ పాప 62 ప్రశ్నలు చేసింది. 34 ఒప్పు, 28 తప్పు. ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1 కాబట్టి 108. ఆ అమ్మాయి 45 చేస్తే 36 ఒప్పు, 9 తప్పు, అంటే 135. ఒప్పుల్లో తేడా రెండే. ఆ రెండింటికి 8 మార్కులు, మిగతా 19 మార్కులూ తప్పుల దగ్గర పోయినవే.

ఇక ఆ 28 తప్పులను పాపనే కూర్చుని విడదీయమనండి: తెలిసీ లెక్కలో జారినవి, సగం తెలిసినవి, ఊహించి పెట్టినవి. మొదటి రకమే ముఖ్యం. వచ్చిన లెక్కలో మైనస్ గుర్తు పోతే రావాల్సిన 4 పోయి, ఇంకో 1 కోత, మొత్తం 5. అలాంటివి ఆరు ఆపినా 30 మార్కులు, అంటే మీరు చూస్తున్న తేడా కంటే ఎక్కువ. నిద్ర చాలనప్పుడు పెరిగేవి ఇవే. న్యూమరికల్ ప్రశ్నల్లో ఆప్షన్లు ఉండవు, అక్కడ ఊహ దాదాపు తగలదు. వాటిలో రానివి వదిలేయమనండి.

తప్పు చేసిన లెక్కకు సొల్యూషన్ చదివి “అర్థమైంది” అనుకుంటే సరిపోదు. మర్నాడు సొల్యూషన్ మూసి తెల్లకాగితం మీద మొదటి నుంచి చేయాలి, వారానికి మళ్లీ. మధ్యలో ఆగిపోతే అది ఇంకా రాలేదన్నమాట. ఈ పనికి గంట చాలు, ఆ గంట రాత్రి పదకొండు తర్వాత మాత్రం వద్దు.

ఫౌండేషన్ మీద నాకు చాలా అనుమానాలున్నాయి. ముందే చదివి వచ్చిన పిల్లలకు ఇంటర్ మొదట్లో కొన్ని చాప్టర్లు రెండోసారి వింటున్నట్టు ఉంటుంది, అందుకే తక్కువ చదువుతున్నట్టు కనిపిస్తారు. ఆ గంటలు వాళ్లు ఎప్పుడో పెట్టేశారు. కానీ భిన్నాలు, నిష్పత్తులు చేతిలో ఆడని పిల్లవాడికి పెద్ద తరగతుల ఫార్ములాలు ఇస్తే బట్టీ పడతాడు, ఇంటర్‌లో ప్రశ్న కొంచెం మారితే చిక్కుకుంటాడు. బాబుకు 3/4ను 2/5తో భాగించమని ఇవ్వండి. 15/8 ఎందుకొచ్చిందో బొమ్మ గీసి చెప్పగలిగేదాకా స్కూలు లెక్కల పుస్తకమే చేయించండి, ఏ బ్యాచ్‌లోనూ వేయకండి.

ఒక్క మాట కటువుగానే చెప్తాను. పక్క అమ్మాయి ఎన్నింటికి పడుకుంటుందో మీకు తెలిసింది, మీ పాప ఎన్ని గంటలు నిద్రపోతుందో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ప్రతి ఆదివారం ఫోన్లో “ఆ అమ్మాయికెన్ని?” అని అడిగితే, వచ్చే టెస్టులో రాని ప్రశ్నలు కూడా చేసేయడానికి ఆ పిల్లను మీరే తోస్తున్నట్టు. ఈ ఆదివారం “లెక్కలో జారినవి ఎన్ని?” అని మాత్రమే అడగండి. నాలుగు టెస్టుల పాటు ఆ సంఖ్య రాసి పెట్టుకోండి.